ఒక సమస్య, ఒక పేరా: ప్రొడక్ట్ మేనేజర్ ఉద్యోగానికి రాసే ఈమెయిల్

ప్రోగ్రామర్ ఉద్యోగానికి వెళ్లేవారు తాము రాసిన కోడ్ చూపిస్తారు. డిజైనర్లు తాము గీసిన స్క్రీన్లు చూపిస్తారు. ప్రొడక్ట్ మేనేజర్ దగ్గర అలా చూపించడానికి ఏమీ ఉండదు. కోడ్ ఇంజనీర్లది, బొమ్మ డిజైనర్లది, అమ్మకం సేల్స్ వాళ్లది. ఏ సమస్యను ముందు పట్టుకోవాలి, దాన్ని ఏ దారిలో తీర్చాలి, ఏ ఆలోచనను పక్కన పెట్టాలి అని తేల్చడమే ప్రొడక్ట్ మేనేజర్ పని. అంటే ఆ మనిషి చేసేదంతా నిర్ణయాలే. ఉద్యోగానికి రాసే ఈమెయిల్‌లో ఒక చిన్న ఉదాహరణ ఉండాలనేది అందుకే. నిర్ణయం ఎలా తీసుకుంటారో చూపే నమూనా ఆ పేరా ఒక్కటే.

ఈ ఉద్యోగానికి మూలంగా చాలామంది చెప్పేది 1931 నాటి ఒక ఆఫీసు మెమో. అమెరికాలో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీలో క్యామే సబ్బు ప్రకటనలు చూస్తున్న నీల్ మెకెల్‌రాయ్ దాన్ని రాశాడు. ఒక్కో బ్రాండ్‌ను పూర్తిగా తన బాధ్యతగా చూసుకునే మనుషులు కావాలని పైవాళ్లను ఒప్పించడం దాని ఉద్దేశం. ఆ మనిషి ఏం చేయాలో కూడా అందులో రాశాడు. అమ్మకం ఎక్కడ తక్కువగా ఉందో చూడాలి. అక్కడికి స్వయంగా వెళ్లి, దుకాణదారులనూ కొనేవాళ్లనూ కలిసి లోపం ఎక్కడుందో పట్టుకోవాలి. ఖర్చుకు తగిన ప్రణాళిక వేసి సంబంధిత అధికారుల మద్దతు తీసుకోవాలి. అనుకున్న ఫలితం వచ్చిందో లేదో తర్వాత లెక్క చూడాలి. సబ్బుల కాలం పోయి యాప్‌ల కాలం వచ్చినా, ఈమెయిల్‌లోని ఉదాహరణకు ఇప్పటికీ ఇదే క్రమం సరిపోతుంది.

ఎక్కువ దరఖాస్తుల్లో మాత్రం ఇలాంటి వాక్యాలు కనిపిస్తాయి: "నేను వినియోగదారుల అనుభవాన్ని మెరుగుపరిచాను. వివిధ బృందాలతో సమన్వయం చేస్తూ అనేక కొత్త ఫీచర్లు విడుదల చేశాను. కంపెనీ వృద్ధికి తోడ్పడ్డాను." వీటిలో అబద్ధం ఉండకపోవచ్చు. కానీ చదివేవారికి ఇవి ఏమీ చెప్పవు. ఏ వినియోగదారుడు, ఏ ఇబ్బంది పడ్డాడు? ఫీచర్ విడుదలయ్యాక ఎవరి జీవితంలో ఏం మారింది? ఫీచర్ విడుదల చేయడం పని పూర్తయిందనడానికి గుర్తే తప్ప ఫలితం కాదు. ఎవరూ వాడని ఫీచర్లు కూడా విడుదలవుతూనే ఉంటాయి.

ఒక ఉదాహరణ కల్పించుకుని మొదటినుంచి చివరిదాకా చూద్దాం.

గుమ్మం దాకా వెళ్లి వెనక్కి

హైదరాబాద్‌లో ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే ఒక ల్యాబ్‌లో, ఆపరేషన్స్ విభాగంలో మూడేళ్లుగా పనిచేస్తున్న యువతి ఉందనుకుందాం. ఇప్పుడామె అసోసియేట్ ప్రొడక్ట్ మేనేజర్ ఉద్యోగానికి దరఖాస్తు చేయాలి. ఆమె చేతిలో ఒక అనుభవం ఉంది.

షుగర్ లాంటి కొన్ని పరీక్షలకు పరగడుపున రక్తం ఇవ్వాలి. కనీసం 8 గంటలపాటు మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోకూడదు. ఆ ల్యాబ్‌లో పరగడుపు బుకింగులు 100 ఉంటే 18 సార్లు టెక్నీషియన్ ఉత్త చేతులతో తిరిగొచ్చేవాడు. తలుపు తీసిన పెద్దావిడ అప్పటికే కాఫీ తాగేసి ఉండేది. టెక్నీషియన్‌కు పెట్రోలు, పొద్దున్నే దొరికే విలువైన సమయం దండగ. ఆ ఇంటివాళ్లకు మళ్లీ ఒకరోజు ఎదురుచూపు.

ఇలా తిరిగొచ్చిన విజిట్‌కు రుసుము వేద్దామని మేనేజర్లు అన్నారు. యాప్‌లో అలారం పెడదామని ఇంజనీర్లు అన్నారు. ఆమె ముందుగా 40 కాల్ రికార్డింగులు విన్నది. తర్వాత టెక్నీషియన్లతో పాటు ఇళ్లకు వెళ్లింది. అప్పుడు అసలు సంగతి బయటపడింది. చాలా ఇళ్లలో పరీక్ష బుక్ చేసింది బెంగళూరులోనో అమెరికాలోనో ఉన్న కొడుకో కూతురో. పరగడుపున ఉండాలన్న సూచన, బిల్లుతో కలిపి, ఇంగ్లిష్‌లో, మూడు రోజుల ముందు వాళ్ల ఫోన్‌కే వెళ్లింది. రక్తం ఇవ్వాల్సిన తల్లికి ఆ యాప్ లేదు, ఆ మెసేజ్ అందలేదు. అంటే అలారం పనిచేయదు. రుసుము వేస్తే, అందని సూచనను పాటించలేదని శిక్ష వేసినట్టవుతుంది.

ఆమె ప్రతిపాదన చిన్నది. బుకింగ్ సమయంలో పరీక్ష చేయించుకునే వ్యక్తి ఫోన్ నంబర్ విడిగా అడగాలి. ముందురోజు రాత్రి 9 గంటలకు ఆ నంబర్‌కు తెలుగులో రెండే వాక్యాలు పంపాలి: రేపు ఉదయం 7 గంటలకు రక్తం తీసుకోవడానికి వస్తాం, అప్పటిదాకా మంచినీళ్లు తప్ప కాఫీ, టీ, టిఫిన్ ఏదీ తీసుకోవద్దు. కూకట్‌పల్లి, మియాపూర్‌లలో 4 వారాలు ఇలా చేశారు. ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్‌లను పాత పద్ధతిలోనే ఉంచారు.

ఈమెయిల్ ఇలా

ఇదంతా ఈమెయిల్‌లో పడితే ఎవరూ చదవరు. ఇందులో నిర్ణయానికి సంబంధించినవి మాత్రమే ఏరుకోవాలి. కంపెనీ ఏ భాషలో ప్రకటన ఇస్తే ఆ భాషలో, అంటే సాధారణంగా ఇంగ్లిష్‌లో, పంపాలి. విషయం మాత్రం ఇలా ఉంటుంది.

"సబ్జెక్ట్: అసోసియేట్ ప్రొడక్ట్ మేనేజర్ దరఖాస్తు, ప్రకటనలోని జాబ్ ఐడీ, అభ్యర్థి పేరు

నమస్కారమండీ. మీరు ప్రకటించిన అసోసియేట్ ప్రొడక్ట్ మేనేజర్ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తున్నాను. ఇంటివద్ద రక్త నమూనాలు సేకరించే ల్యాబ్‌లో మూడేళ్లుగా ఆపరేషన్స్ పని చూస్తున్నాను.

మా పరగడుపు బుకింగుల్లో 18 శాతం, రోగి అప్పటికే ఏదో ఒకటి తీసుకోవడం వల్ల వృథా అయ్యేవి. 40 కాల్స్ విని, టెక్నీషియన్లతో ఇళ్లకు వెళ్లి చూస్తే, సూచన బుక్ చేసిన పిల్లలకే వెళ్తోందని, రోగికి చేరడం లేదని తెలిసింది. రుసుము వేసే ఆలోచన పక్కన పెట్టి, రోగి నంబర్‌కే ముందురోజు రాత్రి తెలుగులో మెసేజ్ పంపాలని ప్రతిపాదించాను. ఇద్దరు ఇంజనీర్లతో కలిసి రెండు ప్రాంతాల్లో 4 వారాలు అమలు చేశాం. వృథా విజిట్లు 7 శాతానికి తగ్గాయి. మార్పు చేయని ప్రాంతాల్లో 17 శాతం దగ్గరే ఉన్నాయి.

మీ మందుల యాప్‌లోనూ చాలాసార్లు ఆర్డర్ చేసేవారు ఒకరు, మందు వాడేవారు మరొకరు. ఇలాంటి సమస్యల మీద పనిచేయాలని ఉంది. రెజ్యూమె జతచేశాను. మీకు వీలైన సమయంలో మాట్లాడతాను."

ఫోన్‌లో ఒకటి రెండు సార్లు స్క్రోల్ చేస్తే పూర్తవుతుంది. బరువంతా రెండో పేరాలోనే ఉంది. మొదటి వాక్యంలో సమస్య, రెండో దాంట్లో కారణం ఎలా తెలిసిందో, మూడో దాంట్లో నిర్ణయం, ఆ తర్వాత అమలు, ఫలితం. అన్నిటికన్నా విలువైనది మూడో వాక్యం. కాదన్న దారి కూడా అందులో ఉంది కాబట్టి, ఈమె ముందు రెండు దారులు ఉన్నాయని, కారణం చూసి ఒకటి ఎంచుకుందని చదివేవారికి అర్థమవుతుంది. ఆ వాక్యం తీసేస్తే మిగిలేది "మెసేజ్ పంపాం, సంఖ్య తగ్గింది" అన్న కథే. అది ఎవరైనా చెప్పగలరు.

"ప్రతిపాదించాను", "అమలు చేశాం" అన్న తేడా కూడా గమనించాలి. ఆలోచన ఆమెది, పని అందరిదీ. అన్నిచోట్లా "నేను" అంటే ఇంజనీర్ల కష్టాన్ని సొంతం చేసుకున్నట్టు ఉంటుంది. అన్నిచోట్లా "మేము" అంటే ఈమె చేసిందేమిటో తెలియదు.

సంఖ్య నిలబడాలంటే

ఫలితాన్ని చెప్పేటప్పుడు మొదట ఎంత ఉండేదో, తర్వాత ఎంతైందో రెండూ ఇవ్వాలి. 18 నుంచి 7కు తగ్గడాన్ని "61 శాతం తగ్గుదల" అని కూడా రాయవచ్చు. లెక్క తప్పు కాదు. కానీ మొదటి సంఖ్య తెలియకపోతే ఆ 61కి అర్థం లేదు. నూటికి 18 ఉన్నది 7 కావచ్చు, వెయ్యికి 18 ఉన్నది 7 కావచ్చు. రెండింటికీ తగ్గుదల అదే వస్తుంది.

రెండోది, పోలిక. ఆ 4 వారాల్లో పండగలు రావచ్చు, వానలు పడవచ్చు, కొత్త టెక్నీషియన్లు చేరవచ్చు. తగ్గుదల వాటివల్ల కాదని ఎలా చెప్పగలం? మార్పు చేయని ప్రాంతాల్లో 17 శాతం ఉండటం దీనికి జవాబు. ఆ పోలికకూ హద్దు ఉంది. రెండు ప్రాంతాలు, నాలుగు వారాలు చూసి నగరమంతా ఇలాగే జరుగుతుందని అనలేం. ఈమెయిల్‌లో "రెండు ప్రాంతాల్లో" అన్న మాట అందుకే ఉండాలి. దాన్ని మింగేస్తే ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకే దొరికిపోతారు.

మూడోది, ఈమెయిల్‌లో రాయకపోయినా తెలిసి ఉండాల్సింది. ఒకచోట తగ్గింది మరోచోట పెరిగిందా? రాత్రి మెసేజ్ చూసి "రేపు కుదరదు" అని తేదీ మార్చుకున్నవాళ్లు 3 శాతం నుంచి 6 శాతానికి పెరిగారనుకుందాం. అంటే నూటికి 11 వృథా విజిట్లు తగ్గితే, వాటిలో 3 ముందుగానే తేదీ మారిన బుకింగులు కావచ్చు. అది కూడా ల్యాబ్‌కు మేలే, ఎందుకంటే టెక్నీషియన్ బయలుదేరకముందే సంగతి తెలిసింది. కానీ ఆ 11 మందీ పరగడుపున ఉన్నారని చెప్పుకోకూడదు. అనుభవం ఉన్న ఇంటర్వ్యూయర్ సరిగ్గా ఇక్కడే తవ్వుతారు.

కంపెనీ ఆదాయం, కస్టమర్ల పేర్లు, ఇంకా బయటకు రాని ఫీచర్లు ఈమెయిల్‌లో పెట్టకూడదు. శాతాలు కూడా బయటకు చెప్పకూడనివైతే "ఐదింట ఒకటి వృథా అయ్యేది, పదింట ఒకటి కూడా కాకుండా తగ్గింది" అంటే సరిపోతుంది. ఇప్పటి కంపెనీ రహస్యాలు బయటపెట్టే అభ్యర్థి రేపు తమవీ బయటపెడతారని చదివేవారికి అనిపిస్తుంది.

సంఖ్యలే లేని పనులూ ఉంటాయి. ఒక ఉపాధ్యాయురాలో, బ్యాంకు ఉద్యోగో ఈ రంగంలోకి రావాలనుకుంటే డ్యాష్‌బోర్డులు చూపలేరు. అప్పుడు లెక్కపెట్టగలిగింది ఏదైనా పనికొస్తుంది: రోజుకు ఎన్నిసార్లు అదే ప్రశ్న అడిగేవారు, క్యూ ఎంతసేపు నడిచేది, ఒక ఫారం ఎన్నిసార్లు తిరిగొచ్చేది. అదీ లేకపోతే ఎవరి పని ఎలా మారిందో ఒక వాక్యంలో రాయవచ్చు. ఊహించిన శాతం మాత్రం రాయకూడదు. "ఎలా కొలిచారు?" అన్న ఒక్క ప్రశ్నకు అది కూలిపోతుంది.

రెండుమూడు విజయాలుంటే అన్నీ రాయాలనిపిస్తుంది. వాటికి రెజ్యూమెలో చోటుంది. ఈమెయిల్‌లోకి ప్రకటనలోని పనికి దగ్గరగా ఉన్న ఒకటే రావాలి. మందుల యాప్‌కు రాసేటప్పుడు రోగి నంబర్ కథ సరిపోతుంది. అదే అభ్యర్థి డెలివరీ సంస్థకు రాస్తే, టెక్నీషియన్ల పొద్దుటి రూట్లను సరిచేసిన అనుభవం ఏదైనా ఉంటే దాన్ని ఎంచుకోవాలి. ఉదాహరణ మారితే మూడో పేరాలో ఆ సంస్థ గురించి రాసిన వాక్యమూ మారాలి.

పంపేముందు, ఈ పనితో సంబంధం లేని ఒకరికి రెండో పేరా మాత్రమే చదవమని ఇవ్వండి. ఎవరికి ఇబ్బంది, కారణం ఎలా తెలిసింది, ఏ దారి వదిలి ఏ దారి పట్టారు, దేనితో పోలిస్తే ఎంత మారింది అని అడగండి. వారు నాలుగూ చెప్పగలిగితే పంపవచ్చు. ఒకటి చెప్పలేకపోతే, కొత్త విజయం జోడించడం మాని, ఆ ఒక్క వాక్యాన్ని తిరగరాయండి.