మాయ: బిడ్డ తనకోసం కట్టుకునే అవయవం

కాన్పులో బిడ్డ బయటికి వచ్చిన పది, పదిహేను నిమిషాలకు, ఒక్కోసారి అరగంటకు, మాయ వస్తుంది. ఉర్దూలో దీన్నే ఆన్వల్ అంటారు. నెలలు నిండిన కాన్పులో అది సుమారు అర కిలో బరువుతో, జానెడు వెడల్పుతో, ముదురు ఎరుపు రంగులో మందపాటి రొట్టెలా ఉంటుంది. అప్పటికి అందరి కళ్ళూ బిడ్డ మీదే ఉంటాయి గనుక దాన్ని చూసేది ఒక్క నర్సమ్మే. కానీ ఇన్ని నెలలూ ఆ బిడ్డకు ఊపిరితిత్తులుగా, పేగులుగా, మూత్రపిండాలుగా పనిచేసింది అదే.

మాయ తల్లి శరీరంలో భాగమని చాలామంది అనుకుంటారు. తరగతిలో అడిగితే పిల్లలూ అదే చెబుతారు. నిజానికి అది దాదాపు పూర్తిగా బిడ్డదే. ఫలదీకరణ జరిగిన ఐదో రోజుకు అండం ఒక బోలు బంతిలా మారుతుంది. బంతి లోపల ఒక మూల చేరిన కొద్దిపాటి కణాల నుంచి బిడ్డ తయారవుతుంది. బయటి పొరలోని కణాలు మాయను కట్టే పనికి పోతాయి. అంటే గుండె, మెదడు మొదలు కాకముందే మాయ పని మొదలైపోతుంది. ఆరు, ఏడు రోజులకు ఆ బంతి గర్భసంచి గోడకు అంటుకుని, విత్తనం దుక్కిలోకి దిగినట్టు లోపలికి దిగుతుంది. నెల తప్పినప్పుడు మూత్రంతో చేసే పరీక్షలో కనిపించే రెండో గీత ఈ బయటి కణాలు వదిలే హార్మోను వల్ల వచ్చేదే. ఆ గీత తల్లి శరీరం ఇచ్చిన కబురు కాదు, మాయ పంపిన కబురు.

గోడలోకి దిగిన ఈ కణాలు చెట్టు కొమ్మల్లా చీలుతూ, చివర్లలో సన్నని కుచ్చులుగా తయారవుతాయి. ఒక్కో కుచ్చు లోపల బిడ్డ రక్తనాళాలు ఉంటాయి. కుచ్చు పైన కప్పిన పొర మాత్రం విచిత్రమైనది. మన చర్మం ఇటుకల గోడ లాంటిది, కణానికీ కణానికీ మధ్య సందు ఉంటుంది. ఈ పొరలో కణాలన్నీ కలిసిపోయి, అతుకు లేని సిమెంటు పూతలా ఒకటైపోతాయి. నెలలు నిండేసరికి ఈ కుచ్చులన్నీ విప్పి పరిస్తే పది చదరపు మీటర్లు దాటుతుంది, అంటే ఒక చిన్న గది నేలంత.

ఈ కుచ్చుల చుట్టూ తల్లి రక్తం పారుతుంది, లోపల బిడ్డ రక్తం పారుతుంది. రెండూ కలవవు. తల్లిది బి గ్రూపు, బిడ్డది ఓ గ్రూపు అయినా ఇబ్బంది లేకపోవడానికి ముఖ్య కారణం ఇదే. ఆక్సిజను, చక్కెర, ఇనుము పూత దాటి బిడ్డ వైపు వెళతాయి. బొగ్గుపులుసు వాయువు, మలినాలు తల్లి వైపు వస్తాయి. తల్లి రక్తంలో ఉన్న ఒక రకం రోగనిరోధక ప్రోటీన్లను మాయ ఏరి మరీ లోపలికి మోస్తుంది, అదీ ఎక్కువగా చివరి మూడు నెలల్లో. గర్భిణికి వేసే టీడీ ఇంజెక్షను పుట్టబోయే బిడ్డను ధనుర్వాతం నుంచి కాపాడేది ఈ దారిలోనే. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు ఈ వాటా తక్కువగా అందుతుంది. ఇలా ఏరినంత మాత్రాన మాయ మంచి చెడులు తెలిసిన కాపలాదారు కాదు. సారా, పొగాకులోని విషం, కొన్ని మందులు అడ్డు లేకుండా దాటిపోతాయి.

ఇక అసలు సంగతికి వస్తాను. మొదటి రెండున్నర, మూడు నెలలు కుచ్చుల చుట్టూ తల్లి రక్తం దాదాపు పారదు. బిడ్డ వైపు కణాలు వెళ్ళి తల్లి రక్తనాళాల మూతులకు బిరడాల్లా అడ్డుపడతాయి. అన్నాళ్ళూ గర్భసంచి లోపలి గ్రంథుల రసమే పిండానికి ఆహారం. ఆ తర్వాత బిరడాలు వీడిపోతాయి. ఈలోగా ఆ కణాలు మరో పని చేస్తాయి. గర్భసంచిలోని నాళాలు సన్నగా, మెలికలు తిరిగి, చుట్టూ కండతో బిగువుగా ఉంటాయి. బిడ్డ కణాలు వాటిలోకి పోయి ఆ కండను కరిగించి, మూతిని గరాటులా ఐదారింతలు వెడల్పు చేస్తాయి. సుమారు ఇరవయ్యో వారానికి ఈ పని ముగుస్తుంది.

మొక్కలకు నీళ్ళు పట్టే పైపు మూతిని వేలితో నొక్కితే నీళ్ళు చిమ్మి పాదులోని మట్టిని కోసేస్తాయి. వేలు తీస్తే మెల్లగా, నిండుగా పారతాయి. మూతులు వెడల్పయిన మాయలో రక్తం రెండో తీరున పారుతుంది. పని సగంలో ఆగితే మొదటి తీరున చిమ్ముతుంది. కుచ్చులు దెబ్బతింటాయి, బిడ్డకు అందేది తగ్గుతుంది. దెబ్బతిన్న మాయ తల్లి రక్తంలోకి వదిలే పదార్థాలు ఆమె రక్తనాళాలన్నిటినీ పాడు చేస్తాయి. ఇరవై వారాల తర్వాత బీపీ 140/90కి చేరి, మూత్రంలో ప్రోటీను పోవడం దీని గుర్తు. ముదిరి ఫిట్లు వస్తే దాన్నే గుర్రపువాతం అంటారు.

మా బడిలో చదువుకున్న ఒక అమ్మాయి తొలి కాన్పు కార్డు నాకు చూపించింది. పదో వారంలో బీపీ 110/70. ఇరవయ్యారో వారంలో 124/80. అప్పటిదాకా భయపడాల్సింది ఏమీ లేదు. ముప్ఫై ఒకటో వారంలో 148/96, మూత్రంలో ప్రోటీను రెండు ప్లస్. టేపుతో పొట్ట కొలిస్తే ఇరవై ఏడు సెంటీమీటర్లే వచ్చింది. ఆ నెలల్లో వారాల లెక్కకు దగ్గరగా, అంటే ముప్ఫై ఒకటి దరిదాపుల్లో, ఉండాలి. అంతకు వారం ముందు నుంచే వేలి ఉంగరం బిగుసుకుంది, పొద్దున లేవగానే ముఖం ఉబ్బేది. చూలింతలకు నీరు పట్టడం మామూలేనని ఇంట్లోవాళ్ళు సరిపెట్టుకున్నారు. పాదాల వాపు మామూలే కావచ్చు. ముఖం, చేతులు ఉన్నట్టుండి వాచినా, తగ్గని తలనొప్పి వచ్చినా, కళ్ళు మసకబారినా, పొట్ట పైభాగంలో నొప్పి వచ్చినా ఆ రోజే బీపీ చూపించుకోవాలి.

స్కానింగులో బిడ్డ చిన్నగా ఉందని, బొడ్డుతాడులో రక్తప్రవాహం తగ్గిందని తేలింది. ఆసుపత్రిలో చేర్చుకుని బీపీ మాత్రలు, బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడే ఇంజెక్షన్లు ఇచ్చారు. మాత్రలు బీపీని అదుపు చేస్తాయే గానీ మాయను బాగుచేయవు. మాయ బయటికి వస్తేనే జబ్బు తగ్గడం మొదలవుతుంది. అందుకే ఇందులో ప్రతి రోజూ ఒక బేరమే: ఇంకో రోజు లోపల ఉంచితే బిడ్డకు లాభమా, తల్లికి ప్రమాదమా? ముప్ఫై నాలుగో వారంలో బీపీ 160/110 దాటి తలనొప్పి మొదలైంది. ఫిట్లు రాకుండా మెగ్నీషియం ఇచ్చి, ఆపరేషను చేశారు. పాప 1,600 గ్రాములు. మాయ 290 గ్రాములే ఉంది, దాని మీద రక్తం అందక చచ్చిపోయిన తెల్లటి గట్టి మచ్చలు కనిపించాయట. పాప పద్దెనిమిది రోజులు నవజాత శిశువుల వార్డులో ఉంది. తల్లి బీపీ మరునాడే దిగలేదు. కాన్పు తర్వాత కూడా కొన్నాళ్ళు ఫిట్ల ప్రమాదం ఉంటుంది గనుక, ఇంటికి పంపాక కూడా బీపీ చూస్తూ ఆరు వారాలు మాత్రలు వాడించారు.

రెండోసారి నెల తప్పగానే ఆమె ఆ పాత కార్డు పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. ముందు కాన్పులో ఈ జబ్బు వచ్చినవాళ్ళకు, కవల పిల్లలు ఉన్నవాళ్ళకు, గర్భం రాకముందే బీపీ, షుగరు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళకు డాక్టర్లు తక్కువ మోతాదు ఆస్పిరిన్ ఇస్తారు. నాళాలు వెడల్పయ్యే పని ఇంకా సాగుతుండగానే, పదహారో వారం లోపు మొదలుపెడితేనే దానివల్ల ఎక్కువ ప్రయోజనం. అది జబ్బు అవకాశాన్ని తగ్గిస్తుంది, పూర్తిగా ఆపలేదు. సొంతంగా కొని వేసుకునే మాత్ర కూడా కాదు. ఆమెకు పదమూడో వారంలో మొదలుపెట్టారు. ఈసారీ బీపీ పెరిగింది, కానీ ముప్ఫై ఆరో వారం దాకా పెరగలేదు. ముప్ఫై ఏడో వారంలో బాబు పుట్టాడు, 2,500 గ్రాములు. మాయ బరువెంతని అడగడం మాత్రం మరిచిపోలేదని నవ్వుతూ చెప్పింది: 430 గ్రాములు.