'దాన్' తర్వాత 'ఐ' రావాలా, 'మి' రావాలా?

"హి ఈజ్ టాలర్ దాన్ మి" అని పిల్లవాడు రాస్తే, పాత పద్ధతిలో ఇంగ్లిష్ నేర్చుకున్న మాస్టారు 'మి' కొట్టేసి 'ఐ' అని దిద్దుతారు. అదే మాట ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్ల నోట వింటే ఎక్కువగా 'మి'యే వినిపిస్తుంది. ఈ వాక్యం వరకు రెండూ చెల్లుతాయి. కానీ దీన్ని చూసి 'దాన్' వచ్చిన ప్రతిచోటా ఏదైనా ఒకటే అనుకున్నా, ప్రతిచోటా 'ఐ' పెట్టేసినా చిక్కులో పడతాం. నా దృష్టిలో రెండోదే పెద్ద ప్రమాదం. ఎందుకంటే అలా దిద్దితే కొన్ని వాక్యాల అర్థమే తలకిందులవుతుంది.

'ఐ' వాడాలన్న నియమం వెనుక ఉన్న తర్కం సులువే. 'దాన్' రెండు వాక్యాలను కలిపే మాట, అంటే కంజంక్షన్. "హి ఈజ్ టాలర్ దాన్ ఐ" అన్నప్పుడు చివర 'యామ్' అనే క్రియ చెప్పకుండా వదిలేశాం. దాన్ని తిరిగి పెడితే "దాన్ ఐ యామ్" అవుతుంది. "దాన్ మి యామ్" అని ఎవరూ అనరు కాబట్టి 'ఐ' సరైనది. 1762లో రాబర్ట్ లౌత్ అనే క్రైస్తవ మతాచార్యుడు రాసిన ఇంగ్లిష్ వ్యాకరణం ఈ వాదాన్ని బాగా ప్రచారంలోకి తెచ్చింది. తర్వాత బడి పుస్తకాలు దాన్నే పట్టుకున్నాయి. మన దేశంలో తరాల తరబడి చదివిన రెన్ అండ్ మార్టిన్ గ్రామర్ కూడా 'దాన్ ఐ' రూపాన్నే నేర్పింది.

రెండో పక్షమూ దాదాపు అంత పాతదే. లౌత్ పుస్తకం వచ్చిన మూడేళ్లకే, 1765లో, విలియం వార్డ్ అనే మరో వ్యాకరణవేత్త 'దాన్'ను ప్రిపోజిషన్‌గా కూడా చూడవచ్చన్నాడు. అప్పుడు 'టు మి', 'ఫర్ మి' లాగానే 'దాన్ మి' సహజమవుతుంది. పైగా 'దాన్ హూమ్' అనే ప్రయోగం అప్పటికే ఉంది. 1667లో అచ్చయిన మిల్టన్ కావ్యం 'ప్యారడైజ్ లాస్ట్'లోనూ అది కనిపిస్తుంది. దాని వెనుక వదిలేసిన క్రియను పెట్టి చూడటం కుదరదు. లౌత్ కూడా అక్కడ మినహాయింపు ఇవ్వాల్సి వచ్చింది. 2002లో వచ్చిన కేంబ్రిడ్జ్ బృహద్వ్యాకరణమూ ఈ రెండో పక్షానికే దగ్గరగా ఉంటుంది, 'దాన్ మి'ని తప్పనదు. ఇన్నేళ్ల ఈ తగవులో నేను ఏ పక్షాన్నీ పూర్తిగా వదులుకోను. వాక్యం సరిచూసుకోవడానికి లౌత్ తర్కం ఎంతో పనికొస్తుంది. 'మి' రాసిన ప్రతివాడినీ తప్పుపట్టడానికి మాత్రం అది చాలదు.

సరిచూసుకోవడం ఎలాగో ఒక వాక్యంతో చూద్దాం. ఆఫీసులో బోనస్ తక్కువ వచ్చిందని ఒక ఉద్యోగి ఇలా రాశాడనుకోండి: "ద మేనేజర్ గేవ్ కిరణ్ ఎ బిగ్గర్ బోనస్ దాన్ మి." 'దాన్' తర్వాత 'ఐ'యే గౌరవంగా ఉంటుందని ఎవరో చెబితే చివరి మాటను 'ఐ'గా మార్చాడు. ఇప్పుడు వదిలేసిన క్రియను వెతకాలి. ఇక్కడ క్రియ 'గేవ్', ఇచ్చింది మేనేజరు. పోలిక ఎవరెవరి మధ్య? బోనస్ అందుకున్న కిరణ్‌కూ, అందుకున్న తనకూ. కాబట్టి పూర్తి వాక్యం "దాన్ హి గేవ్ మి". 'మి'యే సరైనది. 'ఐ' పెడితే వాక్యం "దాన్ ఐ గేవ్ కిరణ్" అన్న వైపు వెళుతుంది. అంటే కిరణ్‌కు ఈయన కూడా బోనస్ ఇచ్చాడనీ, మేనేజరు ఇచ్చింది దానికంటే పెద్దదనీ అర్థం. ఫిర్యాదు చేయబోయినవాడు దాత అయిపోయాడు.

ఇందులో అసలు పని ఏమిటంటే సర్వనామానికి జోడీ ఎవరో పట్టుకోవడం. జోడీ పని చేసినవాడైతే 'ఐ, హి, షి, వి, దే'. జోడీ ఆ పని ఎవరి మీద జరిగిందో, ఎవరికి అందిందో వాళ్లయితే 'మి, హిమ్, హర్, అస్, దెమ్'. పొడుగు పొట్టి వాక్యాల్లో జోడీ ఎప్పుడూ కర్తే, వేరే అర్థానికి చోటు లేదు. అందుకే అక్కడ 'మి' అన్నా ఎవరూ పొరబడరు. ఇష్టపడటం, మెచ్చుకోవడం, ఇవ్వడం, నమ్మడం లాంటి క్రియలు వచ్చినప్పుడే ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి.

"షి లైక్స్ రవి మోర్ దాన్ మి" అన్నది అలాంటిదే. కచ్చితమైన నియమం ప్రకారం ఆమె నన్ను ఇష్టపడేదానికంటే రవిని ఎక్కువ ఇష్టపడుతోందని అర్థం. కానీ మాటల్లో జనం 'ఐ' అనాల్సిన చోటా 'మి' అంటారు కాబట్టి, రవి అంటే నాకున్న ఇష్టం కంటే ఆమెకున్న ఇష్టం ఎక్కువ అని చెప్పబోయినా ఇదే వాక్యం రావచ్చు. 'ఐ' పెడితే అర్థం తేలుతుంది గానీ వాక్యం బిగుసుకుపోయినట్టుంటుంది. ఇలాంటి చోట నేను క్రియను దాచకుండా పైకే రాయమంటాను: "దాన్ ఐ డూ" లేదా "దాన్ షి లైక్స్ మి". రెండు మాటలు పెరిగితే పెరిగాయి, అనుమానం మిగలదు. "టాలర్ దాన్ ఐ యామ్" అని రాసినా అంతే, మాస్టారూ దిద్దరు, వినేవాళ్లకూ వింతగా ఉండదు.

ఈ తేడాను మన తెలుగు చెవి సులువుగా పట్టుకోదు. "నాకంటే పొడుగు" అంటాం గానీ "నేనుకంటే" అనం. "టీచర్ నాకంటే రాణిని ఎక్కువ మెచ్చుకుంది" అన్నప్పుడు మెచ్చుకున్నది నేనా, మెచ్చుకోబడాల్సింది నేనా అన్న తేడా 'నాకంటే' అన్న రూపంలో కనిపించదు. తేల్చి చెప్పాలంటే "నన్ను మెచ్చుకున్నదానికంటే" అని క్రియను పైకి తేవాల్సిందే. ఇంగ్లిష్‌లో చేయమంటున్నదీ అదే పని.

'యాజ్ టాల్ యాజ్ ఐ', 'యాజ్ టాల్ యాజ్ మి' విషయంలోనూ పద్ధతి ఇదే. "యూ ట్రస్ట్ హిమ్ యాజ్ మచ్ యాజ్ ఐ" అంటే అతని మీద నాకెంత నమ్మకమో నీకూ అంతే. చివర 'మి' పెడితే నన్నెంత నమ్ముతావో అతన్నీ అంతే నమ్ముతావు. కానీ 'యాజ్' అన్నిసార్లూ పోలికకే రాదు. నాటకంలో నా వేషం కట్టిన అమ్మాయి గురించి "షి వాజ్ డ్రెస్డ్ యాజ్ మి" అంటే, అక్కడ వదిలేసిన క్రియ ఏదీ లేదు, 'ఐ'కి అసలు చోటే లేదు.

పోటీ పరీక్షకు వెళ్లేవాళ్లకు ఒక మాట. తప్పు పట్టే ప్రశ్నల్లో "టాలర్ దాన్ మి" కనిపిస్తే ముందు మిగతా భాగాలన్నీ చూడండి. ఇంకెక్కడా తప్పు లేకపోతే ప్రశ్న తయారుచేసినవారు పాత నియమాన్నే మనసులో పెట్టుకుని ఉండవచ్చు, అప్పుడు దాన్నే గుర్తించండి. "గేవ్ హర్ మోర్ దాన్ ఐ" లాంటిది వస్తే 'ఐ' ఉంది కదా అని వదిలేయకండి. క్రియను నింపి, జోడీ ఎవరో చూసి, ఆ తర్వాతే జవాబు పెట్టండి.