ముహూర్తం క్లిప్ ఎక్కడుంది?

ఒక పెళ్లికి మూడు సోనీ కెమెరాలు పెట్టారనుకుందాం. ప్రతి కార్డునూ ఫార్మాట్ చేశాక నంబర్లు మళ్లీ ఒకటి నుంచి మొదలయ్యేలా సెట్ చేసి ఉంటే, మూడింటిలోనూ మొదటి క్లిప్ పేరు C0001.MP4. మండపం ఎదుట పెట్టిన కెమెరాలో అది జీలకర్ర-బెల్లం. పక్కనున్న కెమెరాలో అదే పేరుతో ఉన్నది భోజనాల బంతి. తెల్లవారుజామున కళ్లు మూతలు పడుతుండగా మూడు కార్డులనూ ఒకే ఫోల్డర్‌లోకి కాపీ చేస్తే, ఈ పేరుతో ఫైల్ ఇప్పటికే ఉంది, దాని స్థానంలో కొత్తది పెట్టాలా అని కంప్యూటర్ అడుగుతుంది. అవునని నొక్కితే జీలకర్ర-బెల్లం పోయి దాని చోట భోజనాల బంతి వచ్చి కూర్చుంటుంది. ఆ తర్వాత కార్డు కూడా ఫార్మాట్ చేస్తే ఆ ఘట్టం ఇక తిరిగి రాకపోవచ్చు.

దీనికి విరుగుడు పేరులోనే ఉంది. ముందుగా ఒక్కో కార్డును ఒక్కో ఫోల్డర్‌లోకి విడిగా కాపీ చేయాలి. ఆ తర్వాత ప్రతి క్లిప్ పేరు ముందూ తేదీ, ఘట్టం, కెమెరా అక్షరం చేర్చాలి. అప్పుడు రెండో కెమెరా తీసిన ముహూర్తం క్లిప్ ఇలా ఉంటుంది:

```
20250212_MUH_B_C0001.MP4
```

సంవత్సరం ముందు, రోజు చివర రాస్తే ఫైళ్లు వాటంతటవే తేదీల వరుసలో నిలుస్తాయి. నలుగుకు NAL, ముహూర్తానికి MUH, రిసెప్షన్‌కు REC అని మూడక్షరాలు చాలు. కెమెరా ఇచ్చిన నంబరును తీసేయకుండా చివర ఉంచడం ముఖ్యం. కార్డులో ఉన్న క్లిప్‌లన్నీ వచ్చాయా, మధ్యలో ఏ నంబరైనా తప్పిపోయిందా అన్నది దాన్ని బట్టే తెలుస్తుంది. వందల క్లిప్‌లకు ఇలా పేర్లు చేర్చడం పెద్ద పనేమీ కాదు. మ్యాక్‌లో అన్నింటినీ ఎంచుకుని రీనేమ్ నొక్కితే ఆ సౌకర్యం అందులోనే ఉంటుంది. విండోస్‌లో మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పవర్‌రీనేమ్ ఉంది.

మన పెళ్లిళ్లలో ఒక చిక్కు తరచూ వస్తుంది. ముహూర్తం రాత్రి రెండు గంటలకు ఉంటుంది. ఎదురుకోళ్లు ఒక తేదీలో, తలంబ్రాలు మరుసటి తేదీలో పడతాయి. కెమెరా గడియారాన్ని నమ్ముకుంటే ఒకే కార్యక్రమం రెండు ముక్కలవుతుంది. అందుకే యూనిట్ పనిలో దిగిన సాయంత్రం తేదీనే తెల్లవారే దాకా తీసిన క్లిప్‌లన్నింటికీ వాడడం మంచిది. ఇంకో పరిమితి కూడా ఉంది. ఏవీసీహెచ్‌డీ లాంటి పాత పద్ధతుల్లో పొడవైన క్లిప్ అనేక ఫైళ్లుగా విడిపోతుంది, వాటి మధ్య లంకె పేర్ల మీదే ఆధారపడుతుంది. అలాంటి కార్డును లోపల ముట్టుకోకుండా మొత్తంగా కాపీ చేసి, బయటి ఫోల్డర్‌కు మాత్రమే పేరు పెట్టాలి.

ఈ పేర్ల పని ఎడిటింగ్ మొదలుపెట్టకముందే ఎందుకు ముగించాలి? ప్రీమియర్ ప్రో అయినా, డావిన్చీ రిజాల్వ్ అయినా, టైమ్‌లైన్‌లో వీడియో ఉండదు. ఫలానా డిస్క్‌లో, ఫలానా ఫోల్డర్‌లో, ఫలానా పేరున్న ఫైల్‌లో ఇక్కడి నుంచి ఇక్కడి వరకు అన్న చిరునామా మాత్రమే ఉంటుంది. సగం ఎడిటింగ్ అయ్యాక ఫైల్ పేరు మార్చినా, ఫోల్డర్ జరిపినా ఆ చిరునామా చెల్లదు. తెర ఎర్రబడి Media Offline అని వస్తుంది. వీడియో పోలేదు, సాఫ్ట్‌వేర్‌కు దారి తెలియడం లేదంతే. కొత్త చోటు చూపిస్తే మళ్లీ కలుపుకుంటుంది. అయితే కలుపుకునేటప్పుడు అది ప్రధానంగా చూసేది పేరునే. అన్ని ఫోల్డర్లలోనూ C0001 ఉంటే ఎడిటర్ తప్పు క్లిప్‌ను చూపించే అవకాశం ఎక్కువ. అప్పగింతల పాట మీద భోజనాల దృశ్యం కనిపిస్తే జరిగింది ఇదేనని గుర్తించవచ్చు.

బ్యాకప్ సంగతి కూడా ఈ చిరునామా లెక్క నుంచే అర్థమవుతుంది. సెకనుకు 100 మెగాబిట్ల వేగంతో తీసిన ఫోర్‌కే వీడియో గంటకు దాదాపు 45 జీబీ తింటుంది. మూడు కెమెరాలు నాలుగేసి గంటలు నడిస్తే 540 జీబీ. ఇది పెద్దదే కానీ, ఒకసారి దింపాక మళ్లీ మారదు. కాబట్టి షూటింగ్ అయిన రోజే రెండు వేర్వేరు డిస్కుల మీదికి చేర్చాలి. కాపీ అయిందని కనిపించినంత మాత్రాన సరిపోదు, అసలుతో బైటు బైటుకూ సరిపోయిందో లేదో చూసే పద్ధతి వాడాలి. రిజాల్వ్‌లోని క్లోన్ టూల్, విండోస్‌లో టెరాకాపీ ఆ పని చేస్తాయి. రెండో డిస్కు కూడా సరిచూసే వరకు కార్డును ఫార్మాట్ చేయకూడదు.

ప్రాజెక్టు ఫైల్ దీనికి పూర్తిగా భిన్నం. సాధారణంగా కొద్ది ఎంబీలే ఉంటుంది, కానీ గంట గంటకూ మారుతుంది. వారాల శ్రమంతా అందులోనే ఉంటుంది. దాన్ని రోజూ సాయంత్రం v01, v02 అంటూ కొత్త నంబరుతో సేవ్ చేసి క్లౌడ్‌లోకి పంపడం తేలిక. రిజాల్వ్ వాడేవారు ఇక్కడ ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. అందులో ప్రాజెక్టు మామూలుగా మీ ఫుటేజ్ ఫోల్డర్‌లో ఉండదు, సాఫ్ట్‌వేర్ సొంత డేటాబేస్‌లో ఉంటుంది. ఫోల్డర్ మొత్తాన్ని కాపీ చేసి అంతా భద్రమనుకున్నా, కంప్యూటర్ పాడైతే ఎడిటింగ్ అంతా దానితోనే పోతుంది. ప్రాజెక్టును .drp ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి బయట పెట్టాల్సిందే.

బ్యాకప్ ఉందనుకోవడం వేరు, అది తెరుచుకోవడం వేరు. 1998లో పిక్సార్ సంస్థలో 'టాయ్ స్టోరీ 2' తయారవుతుండగా పొరపాటున ఇచ్చిన ఒక కమాండ్ సినిమా ఫైళ్లను చెరిపేయడం మొదలుపెట్టింది. బ్యాకప్ నుంచి తెచ్చుకుందామంటే అది సరిగా పనిచేయడం లేదని అప్పుడు తేలింది. పసిబిడ్డ ఉండడంతో ఇంటి నుంచి పనిచేస్తున్న గాలిన్ సుస్మన్ అనే ఉద్యోగి ఇంట్లో ఉన్న కాపీ వాళ్లను ఆదుకుంది. ఆ కాపీ ఆఫీసు బయట ఉండడం వల్లే మిగిలింది. రెండు కాపీలు దగ్గరుంటే మూడోది వేరే కప్పు కింద ఉండాలని అనుభవజ్ఞులు చెప్పేది అందుకే.

వీడియో అప్పగించాక ఫోల్డర్‌ను ఆర్కైవ్‌కు పంపే ముందు కొంత బరువు దించుకోవచ్చు. కాష్, ప్రివ్యూ, ప్రాక్సీ ఫైళ్లను సాఫ్ట్‌వేర్ మళ్లీ తయారుచేసుకోగలదు కాబట్టి వాటిని తీసేయవచ్చు. అసలు ఫుటేజ్, విడిగా రికార్డు చేసిన సన్నాయి ఆడియో, పాటలు, చివరి ప్రాజెక్టు ఫైల్, పూర్తయిన వీడియో ఉంచాలి. పాటలను డౌన్‌లోడ్స్ ఫోల్డర్ నుంచి, వధూవరుల ఫొటోను డెస్క్‌టాప్ నుంచి నేరుగా టైమ్‌లైన్‌లోకి లాగడం చాలామందికి అలవాటు. ఆర్కైవ్‌లో ముందు గల్లంతయ్యేవి అవే. ప్రీమియర్‌లో ప్రాజెక్ట్ మేనేజర్, రిజాల్వ్‌లో ప్రాజెక్ట్ ఆర్కైవ్ ఇలా చెల్లాచెదురైన ఫైళ్లను ఒకచోటికి చేరుస్తాయి.

తెలుగు టైటిళ్లు ఉంటే ఫాంటు సంగతీ చూడాలి. అను ఫాంట్లలో టైపు చేసిన పెళ్లికూతురి పేరు, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అర్థంలేని గుర్తులుగా మారిపోతుంది. ఫాంటు ఫైల్‌ను, దానికి లైసెన్సు అడ్డు లేకపోతే, ఆర్కైవ్‌లోనే పెట్టుకోవాలి. టైటిళ్లను వెనుక రంగు లేని చిత్రాలుగా కూడా సేవ్ చేసుకుంటే ఇంకా నిశ్చింత. అంతా చేర్చాక ఆ డిస్కును వేరే కంప్యూటర్‌కు తగిలించి ప్రాజెక్టు తెరిచి చూడాలి. ఎక్కడా ఎరుపు కనిపించకుండా, టైటిళ్లు సరిగా వస్తే ఆర్కైవ్ పూర్తయినట్టు.

ఆ తర్వాత ఒక డిస్కు స్టూడియో బీరువాలో ఉంటుంది. రెండో డిస్కు ధరను ముందే ప్యాకేజీలో కలిపి, ఫుటేజ్‌తో సహా పెళ్లివారికే ఇచ్చేస్తే వేరే కప్పు కింద కాపీ ఉండాలన్న షరతు ఖర్చు లేకుండా తీరుతుంది. ఇచ్చేటప్పుడు స్టూడియో ఎంతకాలం తన కాపీని దాచుతుందో బిల్లు మీదే రాసివ్వాలి.