జన్మస్థలం - దేశం పేరులో తేడాలు

ఒక వ్యక్తి పుట్టిన ఊరు ఒకటే అయినప్పటికీ, ఆ ఊరు ఏ దేశంలో ఉన్నదనే విషయంలో వేర్వేరు పత్రాలు, గ్రంథాలు వేర్వేరు పేర్లు చూపడం తరచుగా కనిపిస్తుంది. వ్యక్తి పుట్టిన తరువాత ఆ ఊరిపై సార్వభౌమాధికారం చేతులు మారడం, లేదా దేశపు సరిహద్దు మారడం ఇందుకు కారణం. గోదావరి డెల్టాలోని యానాం ఇందుకు చక్కని ఉదాహరణ. యానాంలో 1940లో పుట్టిన ఒకే వ్యక్తికి ఒక చోట "ఫ్రెంచి ఇండియా" అనీ, మరొక చోట "ఫ్రాన్సు" అనీ, ఇంకొక చోట "భారతదేశం" అనీ జన్మదేశం నమోదై ఉండవచ్చు. వీటిలో ప్రతి ఒక్కటీ ఒక్కొక్క నియమాన్ని అనుసరించి వ్రాసినదే.

యానాం నేపథ్యం

యానాం గౌతమీ గోదావరి ఒడ్డున, కాకినాడకు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న చిన్న పట్టణం. ప్రస్తుతం ఇది పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం. దీని చుట్టూ ఉన్నది ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రమే. నదికి ఆవలి ఒడ్డున కోనసీమకు చెందిన ఎదుర్లంక గ్రామం ఉన్నది. భాష, బంధుత్వాలు, పండుగలు రెండు ఒడ్డులకూ ఒకటే. కాని 18వ శతాబ్దం నుండి యానాం ఫ్రెంచివారి స్థావరంగా ఉండగా, ఎదుర్లంక బ్రిటిషు పాలనలోని మద్రాసు ప్రెసిడెన్సీకి చెంది ఉండేది. మధ్యలో కొన్ని యుద్ధకాలాలలో యానాం ఆంగ్లేయుల చేతికి చిక్కినా, 1814 నాటి పారిస్ ఒప్పందం దానిని తిరిగి ఫ్రాన్సుకు ఇచ్చింది.

ఈ సరిహద్దు పేరుకు మాత్రమే ఉన్నది కాదు. బ్రిటిషు ఇండియాలో బాల్యవివాహాలను నిషేధించిన శారదా చట్టం 1930లో అమలులోకి వచ్చినప్పుడు అది యానాంకు వర్తించలేదు. పరిసర జిల్లాల నుండి అనేక కుటుంబాలు అక్కడికి వెళ్ళి పెళ్ళిళ్ళు జరిపించేవి. ఆ కారణంగానే యానాంకు "కల్యాణపురం" అనే పేరు వచ్చింది. అంటే నది దాటితే చట్టం మారేది. కనుక అక్కడ పుట్టిన శిశువు విషయంలోనూ పరాయి దేశపు చట్టమే వర్తించేది.

1947 ఆగస్టు 15 యానాంకు వర్తించదు

భారతదేశానికి స్వాతంత్ర్యం వచ్చిన 1947 ఆగస్టు 15 నాటికి యానాం ఫ్రెంచి ప్రాంతంగానే ఉన్నది. పాత జన్మస్థలాలను సవరించేవారు ఆ తేదీని గీతగా పెట్టుకొని, దానికి ముందు "బ్రిటిషు ఇండియా" అనీ, తరువాత "భారతదేశం" అనీ వ్రాయడం పరిపాటి. ఎదుర్లంకకు ఈ పద్ధతి సరిపోతుంది. యానాంకు ఈ రెండూ సరిపోవు. యానాం విషయంలో గుర్తుంచుకోవలసిన తేదీలు మూడు.

మొదటిది 1954 నవంబరు 1. ఆ సంవత్సరం జూన్ 13న విమోచనోద్యమకారులు యానాం పాలనను తమ చేతుల్లోకి తీసుకున్నారు. ఈ ఉద్యమంలో దడాల రఫేల్ రమణయ్య ప్రముఖ పాత్ర వహించాడు. ఆ తరువాత భారత, ఫ్రెంచి ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందం ప్రకారం నవంబరు 1న పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాంల పాలన భారతదేశానికి అప్పగించబడింది. ఇది వాస్తవిక బదిలీ మాత్రమే. పాలన మారింది గాని, చట్టరీత్యా సార్వభౌమాధికారం ఇంకా ఫ్రాన్సుదే.

రెండవది 1956 మే 28. ఆ రోజున ఈ ప్రాంతాలను భారతదేశానికి పూర్తిగా అప్పగించే సంధిపై రెండు దేశాలూ సంతకాలు చేశాయి. అయితే ఫ్రెంచి పార్లమెంటు ఆమోదం పొందనిదే అది అమలులోకి రాదు.

మూడవది 1962 ఆగస్టు 16. ఫ్రెంచి పార్లమెంటు ఆమోదం తరువాత, ఆ రోజున సంధి అమలులోకి వచ్చింది. అప్పటి నుండి యానాం చట్టరీత్యా కూడా భారతదేశంలో భాగం.

ఒకే రోజు, రెండు ఒడ్డులు

ఈ తేదీల ప్రభావం తెలుసుకోవడానికి, ఒకే రోజున యానాంలో ఒకరు, ఎదుర్లంకలో ఒకరు పుట్టారని అనుకుందాం.

* 1940లో పుడితే: యానాం శిశువు జన్మస్థలం ఫ్రెంచి ఇండియా. ఎదుర్లంక శిశువు జన్మస్థలం బ్రిటిషు ఇండియా, మద్రాసు ప్రెసిడెన్సీ.
* 1951లో పుడితే: యానాం ఇంకా ఫ్రెంచి ఇండియాయే. ఎదుర్లంక భారత గణతంత్రంలోని మద్రాసు రాష్ట్రంలో ఉన్నది.
* 1958లో పుడితే: ఎదుర్లంక భారతదేశంలోని ఆంధ్ర ప్రదేశ్‌లో ఉన్నది. యానాంలో పాలన భారతదేశానిది, చట్టరీత్యా సార్వభౌమత్వం ఫ్రాన్సుది. చిక్కు ఎక్కువగా వచ్చేది ఈ ఎనిమిదేళ్ళ వ్యవధిలో పుట్టినవారి విషయంలోనే.
* 1965లో పుడితే: ఇద్దరి జన్మస్థలమూ భారతదేశమే. యానాం మాత్రం కేంద్రపాలిత ప్రాంతంలో ఉన్నది.

1958లో యానాంలో పుట్టిన వ్యక్తికి "భారతదేశం" అని వ్రాసినవారు అప్పటి పాలనను చూశారు. "ఫ్రెంచి ఇండియా" అని వ్రాసినవారు అప్పటి చట్టాన్ని చూశారు. ఇటువంటి సందర్భంలో ఒక్క పేరుతో సరిపెట్టకుండా, ఊరి పేరు వ్రాసి, నాటి స్థితిని ఒక వాక్యంలో వివరించడం మేలు.

జన్మదేశం వేరు, పౌరసత్వం వేరు

ఈ రెండింటినీ ఒకటిగా భావించడం వలన అనేక పొరపాట్లు జరుగుతాయి. 1956 సంధిలో పౌరసత్వానికి ప్రత్యేక నిబంధనలు ఉన్నాయి. అప్పగించిన ప్రాంతాలలో పుట్టి, సంధి అమలులోకి వచ్చిన నాటికి అక్కడే స్థిరనివాసం ఉన్న ఫ్రెంచి జాతీయులు భారత పౌరులవుతారు. అయితే ఫ్రెంచి పౌరసత్వాన్నే నిలుపుకోదలచినవారు ఆరు నెలల లోపల వ్రాతపూర్వకంగా ప్రకటించవచ్చు. పద్దెనిమిదేళ్ళ లోపు అవివాహితులైన పిల్లల తరపున తల్లిదండ్రులు ఈ నిర్ణయం తీసుకోవాలి. భారతదేశంలో గాని, ఆ ప్రాంతాలలో గాని కాక, వేరే దేశంలో నివసిస్తున్నవారు ఫ్రెంచి జాతీయులుగానే కొనసాగుతారు. వారు కోరుకుంటే భారత పౌరసత్వం ఎంచుకోవచ్చు.

దీని ఫలితంగా ఒకే ఇంట్లో 1940లో పుట్టిన అన్న ఫ్రెంచి పౌరుడుగానూ, 1945లో పుట్టిన తమ్ముడు భారత పౌరుడుగానూ మిగిలిపోయే అవకాశం ఉన్నది. ఇద్దరి జన్మస్థలమూ యానామే. పుట్టినప్పుడు ఇద్దరిదీ ఫ్రెంచి ఇండియాయే. 1962 తరువాత అన్న ఫ్రెంచి పౌరుడుగా కొనసాగినంత మాత్రాన ఆయన ఫ్రాన్సు దేశంలో పుట్టినట్లు కాదు. తమ్ముడు భారత పౌరుడైనంత మాత్రాన ఆయన పుట్టిన నాటికి యానాం భారతదేశంలో ఉన్నట్లూ కాదు.

పత్రాలు వేర్వేరుగా ఎందుకు వ్రాస్తాయి

జన్మదేశాన్ని వ్రాయడంలో ప్రధానంగా రెండు పద్ధతులు ఉన్నాయి. చరిత్ర గ్రంథాలు, జీవితచరిత్రలు సాధారణంగా పుట్టిన నాటి పేరును ఇస్తాయి. ఆ వ్యక్తి ఏ చట్టం కింద, ఏ పాలనలో పెరిగాడో దాని వలన తెలుస్తుంది. ప్రభుత్వ కార్యాలయాలలో అనేకం ప్రస్తుత పేరునే కోరుతాయి. వారికి కావలసింది ఆ ఊరు నేడు ఏ దేశపటంలో ఉన్నదనే సమాచారం. ఉదాహరణకు, అమెరికా పాస్‌పోర్టులో సాధారణ నియమం ప్రకారం, పుట్టిన సంవత్సరం ఏదైనా, ఆ ఊరిపై ప్రస్తుతం సార్వభౌమత్వం ఉన్న దేశం పేరే వ్రాస్తారు. అందువలన 1940లో యానాంలో పుట్టి, తరువాత అమెరికా పౌరుడైన వ్యక్తి జననపత్రం ఫ్రెంచి భాషలో ఉన్నా, పాస్‌పోర్టులో "ఇండియా" అని ఉంటుంది. ఈ రెండు పత్రాలూ పరస్పర విరుద్ధం కావు. ఒకటి నాటి ప్రశ్నకు, మరొకటి నేటి ప్రశ్నకు సమాధానం.

రంగూన్‌లో పుట్టిన తెలుగువారు

ఇదే సమస్య సముద్రానికి ఆవల కూడా ఉన్నది. గోదావరి డెల్టా నుండి, ముఖ్యంగా కోరంగి, కాకినాడ రేవుల మీదుగా, వేలాదిమంది తెలుగువారు పనుల కోసం బర్మాకు వెళ్ళారు. అక్కడ వారిని "కోరంగీలు" అని పిలిచేవారు. బర్మా 1937 ఏప్రిల్ 1 వరకు బ్రిటిషు ఇండియాలో ఒక రాష్ట్రం. ఆ రోజు నుండి అది ప్రత్యేక వలస ప్రాంతమైంది. 1948 జనవరి 4న స్వతంత్ర దేశమైంది. 1989లో దేశం పేరు మయన్మార్ అనీ, రంగూన్ పేరు యాంగోన్ అనీ మార్చబడ్డాయి.

కనుక రంగూన్‌లో 1936లో పుట్టిన అక్క జన్మస్థలం బ్రిటిషు ఇండియా కాగా, అదే వీధిలో 1938లో పుట్టిన చెల్లెలి జన్మస్థలం బ్రిటిషు బర్మా. నేటి పేరు ప్రకారం ఇద్దరిదీ మయన్మారే. అక్క పేరు పక్కన "ఇండియా" అని మాత్రమే వ్రాస్తే, ఆమె నేటి భారతదేశంలో పుట్టిందని పాఠకుడు పొరబడే ప్రమాదం ఉన్నది. "బ్రిటిషు ఇండియా" అనే పేరును కుదించి "ఇండియా" అని వ్రాయకూడదని చెప్పడానికి కారణం ఇదే.

దేశం మారకుండా జిల్లా, రాష్ట్రం మారితే

దేశం విషయంలో వివాదం లేకపోయినా, కింది స్థాయిలో ఇటువంటి తేడాలే వస్తాయి. కందుకూరి వీరేశలింగం 1848 ఏప్రిల్ 16న రాజమండ్రిలో జన్మించాడు. ఆయన "ఆంధ్ర ప్రదేశ్, తూర్పు గోదావరి జిల్లా"లో పుట్టాడని తరచుగా వ్రాస్తారు. కాని ఆయన పుట్టిన నాటికి ఆ రాష్ట్రమూ లేదు, ఆ జిల్లా కూడా లేదు. అప్పుడు రాజమండ్రి ఈస్టిండియా కంపెనీ పాలనలోని మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. గోదావరి జిల్లా 1859లో ఏర్పడింది. తూర్పు గోదావరి అనే పేరు 1925లో వచ్చింది. ఆంధ్ర రాష్ట్రం 1953లోనూ, ఆంధ్ర ప్రదేశ్ 1956లోనూ ఏర్పడ్డాయి. "ప్రస్తుత తూర్పు గోదావరి జిల్లా" అని ఒక్క మాట చేరిస్తే ఈ దోషం తొలగిపోతుంది.

"ప్రస్తుత" అనే మాటను కూడా అప్పుడప్పుడు సరిచూడవలసి ఉంటుంది. 2022 ఏప్రిల్ 4న ఆంధ్ర ప్రదేశ్‌లో జిల్లాలను పునర్విభజించారు. అంతకు ముందు తూర్పు గోదావరిలో ఉన్న ఎదుర్లంక ఇప్పుడు కోనసీమ జిల్లాలోకి వచ్చింది. కాకినాడ వేరే జిల్లా అయింది. రాజమండ్రి మాత్రం తూర్పు గోదావరిలోనే ఉన్నది. దాని పేరు 2015లో అధికారికంగా రాజమహేంద్రవరంగా మారింది.

సరిగా వ్రాసే పద్ధతి

ముందుగా పుట్టిన తేదీని, ఊరిని నిర్ధారించుకోవాలి. తరువాత ఆ తేదీన ఆ ఊరు ఎవరి సార్వభౌమత్వంలో ఉన్నదో చూడాలి. చివరగా నేటి పేరును కుండలీకరణాలలో చేర్చాలి. పై ఉదాహరణలను ఈ విధంగా వ్రాయవచ్చు:

* యానాం, ఫ్రెంచి ఇండియా (ప్రస్తుతం పుదుచ్చేరి, భారతదేశం)
* రంగూన్, బ్రిటిషు ఇండియా (ప్రస్తుతం యాంగోన్, మయన్మార్)
* రాజమండ్రి, మద్రాసు ప్రెసిడెన్సీ (ప్రస్తుతం తూర్పు గోదావరి జిల్లా, ఆంధ్ర ప్రదేశ్)

ఒకే పేరుగల ఇద్దరికి జన్మదేశాలు వేరుగా కనబడినప్పుడు వారు వేర్వేరు వ్యక్తులని వెంటనే నిర్ణయించకూడదు. పుట్టిన తేదీ, ఊరు, తల్లిదండ్రుల పేర్లు సరిపోలితే, అది ఒకే వ్యక్తికి రెండు నియమాల ప్రకారం వ్రాసిన నమోదై ఉండవచ్చు. దరఖాస్తులు నింపేటప్పుడు మాత్రం ఆ కార్యాలయపు నియమాన్నే పాటించాలి. జననపత్రంలో ఉన్న పాత పేరు తప్పు కాదు కనుక, దానిని దిద్దించవలసిన అవసరం లేదు.