చీర ఎరుపా, ఆకుపచ్చా? పాత ఫొటోకు రంగులద్దే లెక్క

నలుపు తెలుపు ఫొటోలో ప్రతి చోటా మిగిలేది ఒక్కటే సంగతి: అక్కడి నుంచి ఎంత వెలుగు కెమెరాలోకి వచ్చిందన్నది. ఆ వెలుగు ఎరుపుదా, నీలిదా అన్నది ఫొటో తీసిన క్షణంలోనే పోతుంది. కాగితాన్ని ఎంత మంచి స్కానర్ మీద పెట్టినా పోయినది తిరిగి రాదు. అందుకని రంగులద్దడమంటే ఫొటోలో దాగిన రంగును బయటికి తీయడం కాదు. ఫొటో బయట దొరికే ఆధారాలతో ఏ రంగు అయి ఉంటుందో తేల్చి, దాన్ని ఆ బూడిద ఛాయ మీద వేయడం.

ఒక్క బూడిద ఛాయ వెనుక ఎన్ని రంగులు ఉండొచ్చో చిన్న లెక్కతో తెలుస్తుంది. కంప్యూటర్ ప్రతి రంగునూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లుగా, ఒక్కోదాన్ని 0 నుంచి 255 వరకు అంకెగా రాసుకుంటుంది. రంగు బొమ్మను బూడిదగా మార్చేటప్పుడు సాధారణంగా వాడే సూత్రం ఇది:

```
Y = 0.299 R + 0.587 G + 0.114 B
```

మనిషి కంటికి ఆకుపచ్చ ఎక్కువ కాంతిగా, నీలం తక్కువ కాంతిగా తోస్తుంది కనుక పాళ్లు అలా పెట్టారు. ఇప్పుడు మూడు చీరలు అనుకుందాం. కుంకుమ ఎరుపు చీర (220, 30, 60), నెమలి పచ్చ చీర (20, 120, 120), ఊదా నీలం చీర (90, 70, 195). సూత్రంలో వేసి చూస్తే మూడూ 90 దగ్గరే ఆగుతాయి. పక్కపక్కన నిలబడితే ఎవరూ పొరబడని మూడు చీరలు బూడిదలోకి వచ్చేసరికి ఒకటే అయిపోయాయి. వెనక్కి వెళ్లి, 90ని చూసి చీర రంగు చెప్పమంటే ఎవరూ చెప్పలేరు.

ఇంతటితో అయితే చిక్కు సగమే. ఈ సూత్రం నేటి కంప్యూటర్‌ది. నాటి ఫిల్మ్ మనిషి కన్నులా చూసేది కాదు. ఫొటోగ్రఫీ తొలినాళ్ల ప్లేట్లు నీలి వెలుగునే పట్టుకునేవి. 1873లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త హెర్మన్ ఫోగెల్, ప్లేటు పూతలో కొన్ని అద్దకపు రంగులు కలిపితే అది ఆకుపచ్చ వెలుగును కూడా పడుతుందని కనిపెట్టాడు. అలా వచ్చినవే ఆర్థోక్రొమాటిక్ ఫిల్ములు. వీటికి నీలం, ఆకుపచ్చ కనిపిస్తాయి కానీ ఎరుపు కనిపించదు. డార్క్‌రూమ్‌లో ఎర్ర బల్బు వెలిగించుకుని ఈ ఫిల్మ్ కడగగలిగింది కూడా అందుకే. ఎరుపునూ పట్టే పాన్‌క్రొమాటిక్ ప్లేట్లు 1906 నాటికే అంగట్లోకి వచ్చినా పాత రకం వెంటనే మాయం కాలేదు. కొడాక్ వారి వెరిక్రోమ్ రోల్ ఫిల్మ్ 1956 దాకా ఆర్థో రకమే. కాబట్టి 1950ల నాటి ఇంటి ఫొటో ఈ రెండింటిలో దేని మీదైనా తీసి ఉండొచ్చు. అది తేల్చకుండా రంగు పెట్టడం మొదలుపెడితే తొలి అడుగే తప్పుతుంది.

తేల్చే దారి తెలుగింటి ఫొటోలో చాలాసార్లు ఫొటోలోనే ఉంటుంది. పెళ్లి ఫొటోలో ముందు వరుసన కూర్చున్న పసిపిల్ల బుగ్గ మీద దిష్టి చుక్క ఉందనుకుందాం. అది కాటుక, కాబట్టి ఏ ఫిల్మ్ మీదైనా నలుపే. వెనక నిలబడిన తల్లి నుదుట ఉన్నది కుంకుమ. పాన్ ఫిల్మ్ మీద ఆ కుంకుమ కాటుక కంటే తేలికగా, ముదురు బూడిదగా పడుతుంది. ఆర్థో మీద అయితే రెండూ ఒకేలా నల్లబడతాయి. పెళ్లికూతురి పాదాల పారాణి, పెదవులు కూడా ఇదే సాక్ష్యం చెబుతాయి. ఆరుబయట తీసిన ఫొటోలో ఆకాశం సున్నం కొట్టిన గోడలా ఏ మబ్బూ లేకుండా తెల్లగా ఉంటే అది మరో గుర్తు.

ఆర్థో అని తేలాక కొన్ని ఛాయలను పాతవిగా నమ్మడానికి లేదు. పసుపు నీలి వెలుగును మింగేస్తుంది. కాబట్టి పసుపు రాసుకున్న పెళ్లికూతురి ముఖం ఆమె అసలు ఛాయ కంటే నల్లగా పడుతుంది. గోధుమ రంగు చర్మంలో ఎరుపు పాలు ఎక్కువ కనుక అందరి ముఖాలూ కొంత ముదురుతాయి. మెళ్లో పసుపు తాడు కూడా అంతే. బామ్మ పెళ్లి ఫొటో చూసి ‘ఇంత నల్లగా ఉండేదా’ అని ఆశ్చర్యపోయే మనవలకు చాలాసార్లు జవాబు ఫిల్మ్ దగ్గరే ఉంటుంది. రంగు మాత్రమే అద్ది, వెలుగును ముట్టుకోకుండా వదిలేస్తే ఈ తప్పు రంగుల్లో మరింత గట్టిగా కనిపిస్తుంది.

ఇక ఒక ఫొటోను వరసగా చూద్దాం. 1950ల మొదట్లో ఇంటి ముందు కొబ్బరాకుల పందిరి కింద తీసినదనుకుందాం. కుర్చీల్లో వధూవరులు, మెడలో దండలు, పక్కన బొట్టు లేని నాయనమ్మ, కింద చాప మీద పిల్లలు. బొట్టు, దిష్టి చుక్క ఒకేలా నల్లగా ఉన్నాయి, కాబట్టి ఆర్థో. మొదట ఫొటోను 600 డీపీఐలో, నలుపు తెలుపుగా కాక రంగు స్కాన్‌గానే తీసుకోవాలి. పాత ప్రింట్ల మీది పసుపు మరకలు స్కాన్‌లోని ఎరుపు పొరలో దాదాపు కనబడవు. ఆ పొరను ఆధారంగా తీసుకుంటే మరకల పని సగం తగ్గుతుంది. గీతలు, చిరుగులు రంగులకు ముందే సరిచేయాలి.

తర్వాత వస్తువులను ఎంత నమ్మకంగా చెప్పగలమో చూసుకోవాలి. పందిరి ఆకులు, తోరణంలోని మామిడాకులు, తాటాకు చాప, మట్టి నేల, నల్లని జుట్టు విషయంలో పేచీ లేదు. దండలో తెల్లగా మెరిసేవి మల్లెలు. వాటి మధ్య నల్లని ముద్దల్లా కనిపించేవి ఆర్థో ఫొటోలో కనకాంబరాలు కావచ్చు, ఎర్ర గులాబీలు కావచ్చు. రేకుల ఆకారం చూసి విడదీయాలి. వరుడి ఒంటి మీద మధుపర్కాలు. వాటి నేత తెలుపు, అంచు ఎరుపో పసుపో అవుతుంది. ఇక్కడ అంచు బాగా నల్లగా ఉంటే ఎరుపు వైపు, మధ్యస్థంగా ఉంటే పసుపు వైపు మొగ్గాలి. నాయనమ్మ లేత చీరను ఆ తరం ఆచారం ప్రకారం తెలుపుగానో, ఉతికి ఉతికి వన్నె తగ్గిన లేత గోధుమగానో వేస్తే తప్పు పోదు. పిల్లల చొక్కాలు మాత్రం ఊహే. మిల్లు గుడ్డకు ఏ రంగైనా ఉండొచ్చు.

అసలు తగువు వధువు పట్టుచీర దగ్గర వస్తుంది. ఫొటోలో చీర ఛాయ 48, వరుడి తెల్ల బట్ట 225, జుట్టు 22 అనుకుందాం. ఆర్థో ఫిల్మ్‌కు ఎరుపు కనిపించదు కాబట్టి, ముతక లెక్కగా ఆకుపచ్చ, నీలం పాళ్ల సగటు తీసుకోవచ్చు. ఇందాకటి మూడు చీరలనే మళ్లీ చూస్తే కుంకుమ ఎరుపు 45కు పడిపోతుంది, నెమలి పచ్చ 120 అవుతుంది, ఊదా నీలం 132 అవుతుంది. కంప్యూటర్ సూత్రంలో కలిసిపోయిన మూడూ ఇక్కడ విడిపోయాయి. ఎరుపును చూడలేకపోవడమే ఆర్థో లోపం. చిత్రంగా, ఎరుపును పట్టిచ్చేదీ ఆ లోపమే. 48 అన్నది ఎరుపుకు దగ్గర. అయితే ముదురు ఆకుపచ్చ, వంకాయ రంగు కూడా అంతే నల్లగా పడతాయి కనుక ఇది రుజువు కాదు, మొగ్గు మాత్రమే.

ఇంట్లో పెద్దావిడ ‘ఆ చీర రాణి రంగు’ అని చెబితే? రాణి రంగు (200, 40, 120) అనుకుంటే ఆర్థో లెక్కలో 80 వస్తుంది. ఫొటోలోని 48 కంటే బాగా లేత. ఎండ ఎక్కువా తక్కువా అన్నదాన్ని బట్టి ఫొటో మొత్తం ముదరొచ్చు, కానీ తెల్ల బట్ట 225 దగ్గరే నిలిచినప్పుడు చీర ఒక్కటే అంత ముదరదు. ఆవిడ జ్ఞాపకంలో రెండు పెళ్లిళ్లు కలిసిపోయి ఉండొచ్చు. చీర ట్రంకుపెట్టెలో మిగిలి ఉంటే తగువు తీరినట్టే. దాన్ని నీడపట్టున సెల్‌ఫోన్‌తో ఫొటో తీసి, ఎరుపు పొరను తీసేసి, మిగిలిన రెండింటినీ బూడిదగా మార్చి పాత ఫొటో పక్కన పెట్టాలి. ఒడలికీ అంచుకూ మధ్య తేడా రెండింటిలో ఒకలాగే ఉంటే ఇది ఆ చీరే కావడానికి అవకాశం ఎక్కువ. మడతల్లో దాగిన భాగాన్నే చూడాలి. వెలుతురు తగిలిన మడత మీద రంగు వెలిసిపోయి ఉంటుంది.

రంగు వేసే పని ఫొటో సాఫ్ట్‌వేర్‌లో పొరలుగా సాగుతుంది. అడుగున బూడిద ఫొటో, దాని మీద ఒక్కో వస్తువుకు ఒక్కో పొర. ఫొటోషాప్‌లో ఆ పొరను `Color` పద్ధతిలో పెడితే కింది వెలుగు నీడలు అలాగే ఉండి పైనుంచి రంగు మాత్రమే చేరుతుంది. ఆర్థో ఫొటోలో ముఖాలకు ఇది చాలదు కాబట్టి వాటి వెలుగును ముందుగా కొద్దిగా పెంచుకోవాలి. పని కొత్తవారు ఎక్కువగా చేసే పొరపాటు ముఖమంతా ఒకటే రంగు పులమడం. నుదురు కాస్త పసుపు వైపు, బుగ్గలూ ముక్కూ చెవులూ ఎరుపు వైపు, మగవారి గడ్డం నీలి బూడిద వైపు ఉంటాయి. బాగా మెరిసే చోటా, చిమ్మచీకటి నీడలోనూ రంగు తగ్గిపోవాలి. తెల్ల పంచె కూడా ఉత్త తెలుపు కాదు. పందిరి కింద దాని నీడల్లో ఆకుల పచ్చదనం లేశంగా ఉంటుంది. ఆ లేశం లేకపోతే మనుషులు కత్తిరించి అతికించినట్టు కనిపిస్తారు.

ఒక్క మీట నొక్కితే రంగులు వేసే ప్రోగ్రాములు కూడా సందర్భాన్నే చూస్తాయి, కానీ వాటి సందర్భం వేరు. లక్షల రంగు ఫొటోలను బూడిదగా మార్చి, అసలు రంగేమిటో ఊహించమని, తప్పితే సరిదిద్దుకోమని వాటికి శిక్షణ ఇస్తారు. అలా అవి గడ్డి పచ్చన, ఆకాశం నీలం అని నేర్చుకుంటాయి. చీర దగ్గర మాత్రం తడబడతాయి. ఎరుపూ అవ్వొచ్చు, నెమలి పచ్చా అవ్వొచ్చు అనిపించినప్పుడు, తప్పు తక్కువగా ఉండాలని రెండింటి నడుమకు జారుకుంటాయి. ఇందాకటి రెండు చీరల సగటు (120, 75, 90), అంటే మురికి ఊదా గోధుమ రంగు. దాని బూడిద ఛాయ కూడా 90 కనుక లెక్కలో ఎక్కడా తప్పు కనబడదు. అలాంటి చీరను మాత్రం ఎవరూ పెళ్లికి కట్టలేదు. ఈ జారుడును తగ్గించడానికి 2016లో రిచర్డ్ జాంగ్ బృందం రంగులను 313 గూళ్లుగా విడగొట్టి, ఏ గూటికి ఎంత అవకాశమో చెప్పేలా ప్రోగ్రామును తయారుచేసింది. అరుదైన గాఢమైన రంగులకు ఎక్కువ విలువ ఇచ్చింది. రంగులు నిండుగా వచ్చాయి. అయితే నిండుగా వచ్చినంత మాత్రాన నిజమైన రంగులని కాదు.

యంత్రం పొరబడిన చోట్లు కొన్ని గుర్తులతో పట్టుబడతాయి. ఒక చేయి గోధుమ రంగులో, రెండోది బూడిదలోనే మిగిలిపోవడం, భుజం మీది పైట ఒక రంగు, కింది కుచ్చెళ్లు మరో రంగు కావడం, చీర రంగు పక్కనున్న కుర్చీ చేతికి పాకడం. ఆర్థో ఫొటోలో బొట్టును అది నల్లగానే వదిలేస్తుంది, ఎందుకంటే దానికి ఉన్న వెలుగును మార్చే అధికారం లేదు. అందుకని చేయి తిరిగినవారు యంత్రం ఇచ్చినదాన్ని తొలి పూతగా ఉంచుకుని బొట్టు, ముఖం, చీర, దండలను మళ్లీ చేత్తో వేస్తారు.

పని పూర్తయ్యాక మూడు దస్త్రాలు విడిగా దాచాలి: ముట్టుకోని స్కాన్, సరిచేసిన బూడిద ఫొటో, పొరలన్నీ విడివిడిగా ఉన్న రంగు దస్త్రం. పొరలకు ‘చీర - ఊహ’, ‘అంచు - ఫిల్మ్ లెక్క’, ‘మామిడాకులు - ఖాయం’ అన్నట్టు పేర్లు పెట్టుకుంటే, రేపు ఏ అత్తయ్య బీరువాలోనో ఆ పట్టుచీర బయటపడినప్పుడు ఫొటో మొత్తం మళ్లీ చేయనక్కర లేదు. ఆ ఒక్క పొర రంగు మారిస్తే సరిపోతుంది.