ఒకటవ తేదీన పుట్టినవారి పదవీ విరమణ

న్యూఢిల్లీ: జూన్ 30వ తేదీ సాయంకాలం కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలలో వీడ్కోలు సభలు తక్కిన నెలాఖరులకన్న ఎక్కువగా కనబడతాయి. జూలై 1వ తేదీన జన్మించినట్లు బడి రిజిస్టరులో నమోదైన వారు ఈ దేశంలో అసంఖ్యాకులు. నిజానికి వారెప్పుడు పుట్టారో తల్లికి తెలియాలి. బడిలో చేర్చుకున్న పంతులుగారు వ్రాసిన తేదీయే సర్కారుకు ప్రమాణం.

అరవై ఏళ్లు నిండిన నెల చివరి రోజు అపరాహ్ణాన ఉద్యోగి విరమించాలని ఫండమెంటల్ రూల్స్ 56(ఎ) చెబుతున్నది. కాని ఒకటవ తేదీన జన్మించినవారు అంతకు ముందు నెల చివరి రోజుననే వెళ్లిపోవాలి. ఇది అన్యాయమని తోచవచ్చు. పుట్టిన రోజును కూడా పూర్తి దినంగా లెక్కించాలన్నది చట్టపు గణన. 1964 జూలై 1న పుట్టిన గుమాస్తాకు 2024 జూన్ 30తోనే అరవై ఏళ్లు నిండాయి. వయస్సు నిండేది జన్మదినానికి ముందు రోజుననే అని 1986లో సుప్రీంకోర్టు ఒక నియామక వివాదంలో స్పష్టం చేసింది.

అదే బల్లవద్ద పనిచేసే, జూలై 2న పుట్టిన మిత్రుడు మాత్రం జూలై 31 వరకు కొనసాగాడు. మొదటివానికి అరవై ఏళ్లలో ఒక్క రోజైనా తగ్గలేదు. రెండవవానికి ముప్పై రోజులు అదనంగా దక్కాయి, అంతే. ఆగస్టు 1న పుట్టినవాడూ ఆ జూలై 31నే సెలవు తీసుకున్నాడు. అన్నట్లు, ఆ జూన్ 30 ఆదివారం. సెలవు దినమైనా విరమణ వాయిదా పడదు.

అసలు చిక్కు ఇంక్రిమెంటు దగ్గర వచ్చింది. 2006 నుంచి వార్షిక ఇంక్రిమెంటుకు జూలై 1 ఏకైక తేదీ అయింది. 2016లో జనవరి 1 కూడా చేరింది. జూన్ 30న వెళ్లేవాడు ఏడాది పొడవునా పనిచేసి కూడా, మరునాడు ఉద్యోగంలో లేడన్న కారణంతో ఇంక్రిమెంటు పోగొట్టుకున్నాడు. ఆ నష్టం ఒక నెలతో పోదు, పింఛనులో జీవితాంతం నిలుస్తుంది. చేసిన ఏడాది సేవకే ఇంక్రిమెంటు సంపాదించినట్లని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కర్ణాటక విద్యుత్ ప్రసార సంస్థ కేసులో తీర్పు చెప్పింది. 2024 అక్టోబరులో కేంద్ర సిబ్బంది శాఖ తన ఉద్యోగులకు ఆ మేరకు ఉత్తర్వు వెలువరించింది.

అయితే అది కాగితంమీది ఇంక్రిమెంటు. పింఛను లెక్కకు మాత్రమే పనికివస్తుంది. గ్రాట్యుటీకి, సెలవుల నగదుకు పాత జీతమే ఆధారం. జూలై 2 మిత్రునికి ఆ రెండూ కొత్త జీతంపైనే వచ్చాయి. సర్కారు ఇచ్చినదానిలోనూ సగం చేతిలోనే ఉంచుకున్నది.

పుట్టిన తేదీ తప్పని తోచినవారు ఉద్యోగంలో చేరిన ఐదేళ్లలోపలే సవరణ కోరాలి. అప్పుడెవరికీ విరమణ గుర్తుకు రాదు.