ఎర్ర దీపం వెనక కాలిన వాసన

మా పక్కింటి కుర్రాడు ఆటో నడుపుతాడు. పగటిపూట హెడ్‌లైటు ఆర్పడం మర్చిపోయి రెండుసార్లు బ్యాటరీ దింపుకున్నాడు. "అన్నా, లైట్ ఏసి ఉన్నదో లేదో ముంగట కనవడేటట్టు చిన్న ఎర్ర బల్బు పెట్టియ్యరాదూ" అని అడిగాడు. ఇంట్లో డబ్బాలో 5 మిల్లీమీటర్ల ఎర్ర ఎల్‌ఈడీ ఒకటి, 470 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి ఉన్నాయి. రెండింటినీ కలిపి టంకం వేసి, హెడ్‌లైటు స్విచ్ నుంచి వచ్చే వైరుకు తగిలించి, చిన్న ప్లాస్టిక్ డబ్బీలో మూసి ఇచ్చాను. నాలుగు రోజుల తర్వాత మళ్లీ వచ్చాడు. "లైటు మంచిగనే ఎలుగుతుంది గని అన్నా, కాలిన వాసనొస్తుంది" అన్నాడు.

డబ్బీ విప్పి చూస్తే రెసిస్టర్ ఒంటి రంగు మాడి గోధుమరంగుకు తిరిగింది. దాని మీది ఊదా గీత నల్లగా అయింది. ఎల్‌ఈడీ మాత్రం ఇంకా వెలుగుతూనే ఉంది. నేను వేసిన లెక్కలో కూడికలు, భాగహారాలు తప్పలేదు. ఆ లెక్కలోకి తీసుకున్న అంకెలే తప్పు.

అసలు ఎల్‌ఈడీకి రెసిస్టర్ ఎందుకు కావాలో ముందు చూద్దాం. పాతకాలం ఫిలమెంట్ బల్బు వేడెక్కేకొద్దీ దాని నిరోధం పెరుగుతుంది, అందువల్ల కరెంటును అదే అదుపులో పెట్టుకుంటుంది. ఎల్‌ఈడీ తీరు దానికి పూర్తిగా ఎదురు. ఎర్ర ఎల్‌ఈడీకి ఒకటిన్నర వోల్టు ఇస్తే దాదాపు ఏమీ కనిపించదు. 1.8 దగ్గర వెలగడం మొదలుపెడుతుంది. రెండు వోల్టుల దగ్గర 20 మిల్లీ ఆంప్‌ల దాకా లాగుతుంది. అక్కడి నుంచి వోల్టులో పదో వంతో, రెండు పదో వంతులో పెంచితే చాలు, కరెంటు రెట్టింపు కావచ్చు. పైగా అది వేడెక్కితే డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టుల చొప్పున దానికి కావలసిన వోల్టేజి తగ్గుతుంది. అంటే అదే వోల్టేజి ఇస్తూ పోతే ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది, ఇంకా వేడెక్కుతుంది. దాన్ని పట్టి ఉంచే పని వరసలో కూర్చున్న రెసిస్టర్‌ది. ఎల్‌ఈడీ తనకు కావలసిన రెండు వోల్టులు తీసుకుంటుంది, మిగిలినదంతా రెసిస్టర్ భరిస్తుంది. అందుకే సూత్రం ఇంత చిన్నది:

R = (Vs − Vf) / I

Vs అంటే బ్యాటరీ ఇచ్చే వోల్టేజి, Vf అంటే ఎల్‌ఈడీ తీసుకునే వోల్టేజి, I అంటే మనం పంపదలచుకున్న కరెంటు. నేను బ్యాటరీ 12 వోల్టులు, ఎల్‌ఈడీ 2 వోల్టులు, కరెంటు 20 మిల్లీ ఆంప్‌లు అనుకున్నాను. పది వోల్టులను 0.02తో భాగిస్తే 500 ఓమ్‌లు వచ్చింది.

500 ఓమ్‌ల రెసిస్టర్ అడిగితే మామూలు దుకాణంలో దొరకదు. 470 ఉంటుంది, దాని తర్వాత 560. కొత్తవాళ్లకు ఇది వింతగా ఉంటుంది గానీ, దీని వెనక మంచి తర్కం ఉంది. రెసిస్టర్ మీద రాసిన విలువ కచ్చితమైన విలువ కాదు, అది ఒక హద్దు మధ్యలో ఉన్న గుర్తు. పది శాతం అటూ ఇటూ ఉండే రకంలో 470 అని రాసి ఉన్నది 423 నుంచి 517 దాకా ఎంతైనా ఉండొచ్చు. 560 అని రాసి ఉన్నది 504 నుంచి 616 దాకా ఉండొచ్చు. మధ్యలో 500 అని ఇంకోటి చేసినా అది ఈ రెండింటి హద్దుల్లోకే వస్తుంది. అందుకే పది నుంచి వంద దాకా పన్నెండే మెట్లు పెట్టి, దానికి ఇ12 వరస అని పేరు పెట్టారు. ఇప్పుడు ఎక్కువగా దొరికేవి ఐదు శాతం రకం, చివర బంగారు గీత ఉన్నవి. అయినా దుకాణాల్లో తేలిగ్గా దొరికేవి చాలావరకు ఆ పన్నెండు మెట్లవే. దగ్గరిది కదా అని నేను 470 తీసుకున్నాను. వాట్ల లెక్క కూడా చూశాను. పది వోల్టులను 0.02తో గుణిస్తే 0.2 వాట్. చేతిలో ఉన్నది పావు వాట్ రకం, అంటే 0.25. సరిపోతుందనుకున్నాను.

ఇక తప్పు ఎక్కడుందో చూద్దాం. "12 వోల్టుల బ్యాటరీ" అన్నది పేరు మాత్రమే. నిండా చార్జి అయి ఖాళీగా ఉన్న బ్యాటరీ దాదాపు 12.6 చూపిస్తుంది. ఇంజన్ తిరుగుతూ చార్జి ఎక్కుతున్నప్పుడు వైర్ల మీద 14.4 దాకా రావచ్చు. బాగా దిగిపోయినప్పుడు పదకొండున్నరకు పడిపోతుంది. ఎల్‌ఈడీ కూడా సరిగ్గా రెండు వోల్టులే తీసుకుంటుందన్న హామీ లేదు. ఎర్రవాటిలో 1.8 దగ్గర వెలిగేవీ ఉంటాయి, 2.4 కావాలనేవీ ఉంటాయి. కాబట్టి లెక్క ఒకసారి వేస్తే చాలదు, రెండు కొసల్లోనూ వేయాలి.

ఎక్కువ కరెంటు పోయే కొసను తీసుకుందాం. బ్యాటరీ 14.4, ఎల్‌ఈడీ 1.8, రెసిస్టర్ రాసిన విలువకన్నా ఐదు శాతం తక్కువ, అంటే 446.5 ఓమ్‌లు. రెసిస్టర్ మీద పడేది 12.6 వోల్టులు. భాగిస్తే 28 మిల్లీ ఆంప్‌లు. ఇలాంటి ఎల్‌ఈడీలకు చాలావాటిలో ఎప్పటికీ దాటకూడని హద్దు 30. అంటే ఎల్‌ఈడీ అంచు మీద నిలబడింది. రెసిస్టర్ సంగతి ఇంకా ఘోరం. వోల్టేజిని వోల్టేజితోనే గుణించి ఓమ్‌లతో భాగిస్తే 0.36 వాట్ వస్తుంది. పావు వాట్ మనిషి నెత్తిన దాదాపు ఒకటిన్నర రెట్ల బరువు పెట్టాను. కరెంటు అంచనా కన్నా నాలుగు పదుల శాతం పెరిగితే, వేడి ముప్పావు వంతు దాకా పెరిగింది. వేడి వోల్టేజి వర్గంతో పెరుగుతుంది కాబట్టి, ఎల్‌ఈడీ కన్నా ముందు రెసిస్టర్ మాడింది.

ఇందులో ఇంకో మెలిక కూడా ఉంది. పావు వాట్ అనే మాటకు చుట్టుపక్కల వేడి ఒక హద్దులో ఉంటేనే విలువ. మామూలు కార్బన్ ఫిల్మ్ రెసిస్టర్లకు ఆ హద్దు సాధారణంగా 70 డిగ్రీలు. అది దాటాక మోయగలిగే వాట్లు తగ్గుతూ పోతాయి. మే నెల ఎండలో నిలబెట్టిన ఆటోలో, గాలి ఆడని ప్లాస్టిక్ డబ్బీలో, రెసిస్టర్ తన వేడిని తానే పీల్చుకుంటూ కూర్చుంటుంది. అందుకే లెక్కలో వచ్చిన గరిష్ఠ వాట్లకు కనీసం రెట్టింపు మోయగలది తీసుకోవడం మంచిది. మూసిన డబ్బీ అయితే ఈ విషయంలో నేను అసలు రాజీ పడను.

మళ్లీ మొదటి నుంచి వద్దాం. దీపం ఉన్నదో లేదో తెలియడానికి 20 మిల్లీ ఆంప్‌లు అక్కర్లేదు, ఎంత చెడ్డ పరిస్థితిలోనూ 15 దాటకపోతే చాలు. 12.6 వోల్టులను 0.015తో భాగిస్తే 840 ఓమ్‌లు. రెసిస్టర్ ఐదు శాతం తక్కువగా ఉన్నా ఇంతకు తగ్గకూడదు కనుక 0.95తో భాగిస్తే 884. ఇ12 వరసలో దీనికి కింద 820, పైన 1000. ఇక్కడ దగ్గరిది చూడకూడదు, పైదే తీసుకోవాలి. అంటే ఒక కిలో ఓమ్.

అది ఐదు శాతం తక్కువై 950 ఓమ్‌లు ఉన్నా, గరిష్ఠ కరెంటు 13.3 మిల్లీ ఆంప్‌లు, వేడి 0.17 వాట్. పావు వాట్ లోపలే ఉంది గానీ రెట్టింపు నియమం ప్రకారం 0.34 కావాలి, కనుక అర వాట్ రకం వేయాలి. ఇక రెండో కొస: బ్యాటరీ 11.5, ఎల్‌ఈడీ 2.4, రెసిస్టర్ 1050. కరెంటు 8.7 మిల్లీ ఆంప్‌లు. 8.7కీ 13.3కీ తేడా అంకెల్లో పెద్దదిగానే ఉంది, కానీ వెలుతురు ఒకటిన్నర రెట్లు అయినంత మాత్రాన కంటికి అంత తేడా తెలియదు.

ఇక్కడ ఒదిగిన లెక్క అన్ని చోట్లా ఇలాగే ఒదగదు. బ్యాటరీ 12 వోల్టులు, ఎల్‌ఈడీ రెండు కాబట్టి మిగిలిన పది రెసిస్టర్ చేతిలో ఉన్నాయి. చిన్న చిన్న తేడాలను అది సర్దుకోగలిగింది. అదే లిథియం బ్యాటరీ ఒక్కదానితో తెల్ల ఎల్‌ఈడీ వెలిగిద్దామంటే కథ మారిపోతుంది. ఆ బ్యాటరీ నిండినప్పుడు 4.2, దిగేటప్పుడు 3.6. తెల్ల ఎల్‌ఈడీకి 3.0 నుంచి 3.4 దాకా కావాలి. రెసిస్టర్‌కు మిగిలేది ఒక కొసలో 1.2 వోల్టులు, ఇంకో కొసలో 0.2. కరెంటు ఆరు రెట్లు మారుతుంది. ఒక శాతం తేడా ఉండే ఖరీదైన రెసిస్టర్ తెచ్చినా లాభం లేదు, ఎందుకంటే తేడా రెసిస్టర్‌లో లేదు. అలాంటి చోట కరెంటును నిలకడగా ఉంచే డ్రైవర్ చిప్ వాడాలి.

కుర్రాడి ఆటోకు అర వాట్ కిలో ఓమ్ కొనడానికి కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్లాను. దాని గీతలు గోధుమ, నలుపు, ఎరుపు, చివర బంగారు. మూడో గీత ఎరుపు బదులు గోధుమ అయితే అది వంద ఓమ్‌లే. దాన్ని పొరపాటున వేస్తే ఎల్‌ఈడీ గుండా వంద మిల్లీ ఆంప్‌లకు పైగా పోయి క్షణాల్లో చచ్చిపోతుంది. దుకాణపు లైటు కింద ఎరుపు, గోధుమ, నారింజ ఒక్కలాగే కనిపిస్తాయి. అందుకని టంకం వేసే ముందు ప్రతిదాన్నీ మల్టీమీటర్‌తో కొలుస్తాను. 950కీ 1050కీ మధ్య ఏ అంకె వచ్చినా అది మంచిదే. నేను తెచ్చినది 993 చూపించింది.

పాతదాన్ని తీసేసే ముందు ఇంజన్ తిప్పించి, మాడిన రెసిస్టర్ రెండు కొసల మధ్య మల్టీమీటర్ పెట్టి చూశాను. 12.4 వోల్టులు. వైరు తెంపకుండా కరెంటు తెలుసుకునే దారి ఇదే: ఆ వోల్టేజిని ఓమ్‌లతో భాగించడం. 470తో భాగిస్తే 26 మిల్లీ ఆంప్‌లు. కొత్తది వేశాక కొలవడం ఇంకా తేలిక, ఎందుకంటే కిలో ఓమ్ మీద ఎన్ని వోల్టులు చూపిస్తే అన్ని మిల్లీ ఆంప్‌లు. ఇంజన్ ఆపి లైటు వేస్తే 10.5. యాక్సిలరేటర్ ఇస్తే 12.4. పావుగంట అలాగే ఉంచి రెసిస్టర్ మీద వేలు పెడితే గోరువెచ్చగా ఉంది. కుర్రాడు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, డబ్బీ మూత బిగించాడు.